ఆగస్టులో టెర్మినల్ డి దగ్గర

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ నడుమ ఆర్లింగ్టన్ అనే ఊరుంది. టెక్సస్ విశ్వవిద్యాలయానికి అక్కడొక శాఖ ఉండటంతో, ఎమ్మెస్ చదవడానికి వెళ్లే మన పిల్లల ఇళ్లలో ఆ పేరు బాగానే వినిపిస్తుంది. సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్నా, ఫలానా నంబరు బస్సెక్కి ఫలానా చోట దిగే వీలు ఆ ఊళ్లో లేదు. నగరపాలక సంస్థ నడిపేవి ఫోన్‌లో బుక్ చేసుకునే చిన్న వ్యాన్లు. విమానాశ్రయం పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఉబర్ దొరుకుతుంది. కానీ ఉబర్ ఇంటి ముందు దింపుతుంది, ఆ ఇల్లే ఇంకా కుదరనివాళ్లు ఎక్కడ దిగాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెబుతున్నది అక్కడ చదువుతున్న సీనియర్లే. భారతీయ విద్యార్థి సంఘాలు ఏటా వేసవిలో కొత్తవాళ్ల కోసం ఒక గూగుల్ ఫామ్ తెరుస్తాయి. పేరు, విమానం నంబరు, దిగే తేదీ, సమయం, పెట్టెలెన్ని, బస కావాలా, ఎన్ని రోజులకు అన్నవి అందులో అడుగుతారు. వచ్చిన వివరాలను ఒక పట్టికలో పెట్టి, ఒక్కో కొత్త విద్యార్థి పేరు ఎదుట కారు తెచ్చేవారి పేరు, బస ఇచ్చేవారి పేరు రాస్తారు. చూడటానికి తేలిక పనే. చిక్కంతా ఆ గడుల్లో నింపే వివరాల్లో ఉంది.

ముందు తేదీ సంగతి. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. 08/07 అంటే వాళ్లకు ఆగస్టు 7, మనకు జులై 8. అంతకంటే ఎక్కువ తికమక పెట్టేది అర్ధరాత్రి దాటాక బయల్దేరే విమానం. మాటవరసకు, గుంటూరు అమ్మాయి ఒకరు ఆగస్టు 12 తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో విమానం ఎక్కుతుందనుకుందాం. ఇంట్లో అందరూ ‘11 రాత్రి ప్రయాణం’ అనే అంటారు. దోహాలో రెండు గంటల పైన ఆగి, అక్కణ్నుంచి పదహారు గంటలు ఎగిరి ఆమె డాలస్‌లో దిగేది అక్కడి కాలమానం ప్రకారం 12 సాయంత్రం నాలుగింటికి. వేసవిలో టెక్సస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది గనుక తేదీ మారదు. ఆమె ఫామ్‌లో 11 అని రాస్తే ఒకరు ముందురోజే వెళ్లి ఖాళీగా తిరిగొస్తారు, అసలు రోజు ఎవరూ ఉండరు. ఎరిగిన సమన్వయకర్తలు అందుకే తేదీని నమ్మరు. టికెట్ పీడీఎఫ్ తెప్పించుకుని చివరి విమానం నంబరు చూస్తారు, ఆ నంబరుతో విమానం ఎక్కడుందో ఫోన్‌లో గమనిస్తారు.

తర్వాత పెట్టెలు. కార్లను మనుషుల లెక్కన పంపితే తప్పుతుంది. చాలా టికెట్లపై ఒక్కో విద్యార్థికి 23 కిలోల పెట్టెలు రెండు వస్తాయి, పైన చేతిపెట్టె, భుజాన బ్యాగు. మామూలు సెడాన్ డిక్కీలో పెద్ద పెట్టెలు రెండు పడితే ఎక్కువ, మిగతావి వెనక సీటు మీదికి వస్తాయి. ఐదుగురు కూర్చునే కారులో ఇద్దరు కొత్తవాళ్లను ఎక్కించేసరికే స్థలం అయిపోతుంది. ఒకే విమానంలో ఐదారుగురు వస్తున్నారంటే మూడు కార్లు పంపాలి, లేదా పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకోవాలి.

కారు తెచ్చిన సీనియర్‌కు అసలు పరీక్ష విమానం దిగాక మొదలవుతుంది. డాలస్‌కు నేరుగా వచ్చే విదేశీ విమానమైతే ఇమిగ్రేషన్ టెర్మినల్ డిలోనే జరుగుతుంది. చికాగోలోనో న్యూయార్క్‌లోనో మారి వస్తే ఆ తంతంతా అక్కడే. పెట్టెలు కూడా అక్కడ తీసుకుని మళ్లీ అప్పగించాలి. డాలస్‌లో దిగేది దేశీయ ప్రయాణికుడిలా, మరో టెర్మినల్‌లో కావచ్చు. ఈ తేడా తెలియక ఒకరు డి దగ్గర, మరొకరు ఎ దగ్గర గంటసేపు ఒకరికోసం ఒకరు నిలబడే సందర్భాలుంటాయి. ‘ఏ ద్వారం ఎదుట నిలబడ్డావో దాని నంబరు ఫొటో తీసి పంపు తమ్ముడూ’ అని ముందే చెబితే ఆ ఇబ్బంది తప్పుతుంది. విమానాశ్రయం వైఫైతో వాట్సాప్ పనిచేస్తుంది కాబట్టి కొత్త సిమ్ లేకపోయినా ఫర్వాలేదు.

కొందరిని ఇమిగ్రేషన్ అధికారులు మరిన్ని ప్రశ్నల కోసం వేరే గదికి పంపుతారు. అక్కడ సాధారణంగా ఫోన్ వాడనివ్వరు. అరగంట పట్టవచ్చు, కొన్ని గంటలూ పట్టవచ్చు. బయట ఉన్నవారికి కబురుండదు. ఈలోగా ఊళ్లో తల్లిదండ్రులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. ‘దిగిన మూడు గంటల దాకా ఎదురుచూస్తాం, కంగారు పడకండమ్మా’ అని ముందే చెప్పి ఉంచిన సంఘం వాళ్లకు ఎంత మేలు చేసినట్టో! లోపల ‘ఎక్కడ ఉంటావు’ అని అడిగితే ‘ఎవరో అన్న వస్తాడు’ అనడం మంచి జవాబు కాదు. బస ఇచ్చేవారి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

ఇక బస. విద్యార్థి వీసాపై వచ్చేవారు ఐ-20లోని కోర్సు ప్రారంభ తేదీకి ముప్ఫై రోజుల కంటే ముందు అమెరికాలో అడుగుపెట్టకూడదు. ఆ తేదీ ఆగస్టు 18 అయితే జులై 19 నుంచే ప్రవేశం. టికెట్ చవకగా దొరికిందని కొందరు ముందే వస్తారు, వాళ్ల అద్దె ఒప్పందం మాత్రం ఇంకా మొదలయ్యుండదు. ఆ నడిమి రోజులు సీనియర్ల హాల్లో గాలిపరుపు మీద గడవాలి.

ఇక్కడ మొహమాటం పనికిరాదు. సీనియర్లూ అద్దె ఇంటివాళ్లే. అతిథి ఎన్ని రోజులుండవచ్చో చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. రెండు పడకగదుల ఇంట్లో నలుగురు ఉంటూ మరో ఆరుగురికి చోటిస్తే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు, మేనేజ్‌మెంట్ నోటీసు సీనియర్ల పేరు మీదికి వస్తుంది. అందుకే ఇంటికి ఇద్దరు, వారం రోజులు అన్న హద్దు పెట్టుకున్న సంఘాల్లోనే ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి నిలుస్తుంది. హద్దు పెట్టడం కఠినం అనిపించవచ్చు, కానీ అది లేకపోతే మరుసటి ఏడు తలుపు తెరిచేవారు ఉండరు.

డబ్బు విషయంలోనూ స్పష్టత అవసరం. విద్యార్థి వీసా మీద ఉన్నవారు అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదించకూడదు. పికప్‌కు ఇంతని ఛార్జీ తీసుకుంటే అది సంపాదనే అవుతుంది, వీసాకే ముప్పు. కిరాయికి మనుషులను తీసుకెళుతున్నప్పుడు ప్రమాదం జరిగితే సొంత కారు బీమా వర్తించకపోవచ్చు. పెట్రోలు, టోల్ ఖర్చు పంచుకోవడం వేరు. పికప్ పేరుతో ముందుగా పెద్ద మొత్తం అడిగేవారినీ, ఎవరూ వెళ్లి చూడని ఇంటికి అడ్వాన్స్ పంపమనేవారినీ దూరం పెట్టాలి. పేరు చెప్పుకున్నవారు నిజంగా సంఘం సభ్యులేనా అన్నది విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవచ్చు. ఆ కార్యాలయాలు కొన్నిచోట్ల తామే పికప్ ఏర్పాటు చేస్తాయి.

సొంత ఇంటికి మారాక పది రోజుల్లోగా కొత్త చిరునామాను విశ్వవిద్యాలయం రికార్డులో నమోదు చేయాలి. మరో కబురు సంఘానికీ చెప్పాలి. విమానం తప్పినా, టికెట్ మారినా, చుట్టాలే వచ్చి తీసుకెళుతున్నా సమన్వయకర్తకు ఒక్క మెసేజ్ పెట్టండి. మీరు రావడం లేదని తెలిస్తే ఆ కారు, ఆ గాలిపరుపు అదే సాయంత్రం దిగుతున్న మరొకరికి దక్కుతాయి.