డాలస్‌లో గడియారం మారితే గచ్చిబౌలిలో కాల్ ఎన్నింటికి?

ఏటా అక్టోబర్ సగం దాటేసరికి హైదరాబాద్‌లోని చాలా సాఫ్ట్‌వేర్ టీములకు అమెరికాలోని మేనేజర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. "డేలైట్ సేవింగ్ ముగుస్తోంది, వచ్చే నెల నుంచి మన మీటింగులు ఈ టైముకి" అని రెండు ముక్కలుంటాయి. అందరూ చదువుతారు, సరే అనుకుంటారు. తీరా ఆ సోమవారం సాయంత్రం సగం మంది ఏడింటికే కాల్‌లో చేరి కూర్చుంటారు, మిగతావాళ్లు ఎనిమిదింటికి వస్తారు. ఇలాంటి టీముల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ తికమక ఏటా చూశాను. దాదాపు ప్రతిసారీ తప్పు మెయిల్ రాసిన తీరులోనే ఉండేది.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తెస్తారు. 2007 నుంచి ఈ తేదీలే నడుస్తున్నాయి. 2026లో ఆ నవంబర్ ఆదివారం ఒకటో తారీఖున వచ్చింది. ఆ తెల్లవారుజామున రెండు కావాల్సిన గడియారం మళ్లీ ఒంటిగంట చూపిస్తుంది. మన గడియారం మాత్రం కదలదు. అందుకే డాలస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య వేసవిలో పదిన్నర గంటలున్న తేడా చలికాలంలో పదకొండున్నర అవుతుంది. డాలస్‌లో ఉదయం 8:30కి జరిగే కాల్ అక్టోబర్ ఆఖరు దాకా మనకు రాత్రి 7:00. నవంబర్ 2 సోమవారం నుంచి అదే కాల్ మనకు 8:00.

మెయిల్‌లో "ఫిక్స్‌డ్ టైం" అన్న మాట పెట్టగానే గొడవ మొదలవుతుంది. రెండు గడియారాల్లో ఒకటి కదులుతున్నప్పుడు మీటింగ్ ఒక్క ఊళ్లోనే ఫిక్స్‌డ్‌గా ఉండగలదు. రెండో ఊరు గంట జరగాల్సిందే. ఏ ఊరు జరుగుతుందో మేనేజర్ తేల్చి చెప్పాలి. చెప్పకపోతే ఎవరికి అనువైన అర్థం వాళ్లు తీసుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మేనేజరూ క్లయింటూ డాలస్‌లో ఉన్నారు, తొమ్మిది మంది టీం గచ్చిబౌలిలో ఉంది. రోజూ డాలస్ ఉదయం 8:30కి స్టాండప్. రెండు వారాలకోసారి బుధవారం ఉదయం పదింటికి ప్లానింగ్. గురువారం తొమ్మిదింటికి డెమో, దానికి లండన్ నుంచి కూడా ఒకరు వస్తారు. వేసవిలో ఇవి మనకు రాత్రి 7:00, 8:30, 7:30. అన్నీ ఓర్చుకోదగ్గవే. డాలస్ సమయం మార్చకుండా వదిలేస్తే నవంబర్ నుంచి 8:00, 9:30, 8:30 అవుతాయి. గంటసేపు జరిగే ప్లానింగ్ పదిన్నరకు ముగుస్తుంది. రాత్రి పదింటికి డ్రాప్ క్యాబ్ ఉన్న అమ్మాయి దాన్ని వదులుకోవాలి, లేదా మీటింగ్ మధ్యలో లేవాలి. నాలుగు నెలలకు పైగా ఇదే వరస.

అలాగని అన్నిటినీ మన గడియారానికి కట్టేస్తే భారం అటు పడుతుంది. స్టాండప్‌ను మనకు ఏడింటికే ఉంచాలంటే డాలస్‌లో అది 7:30 అవుతుంది. అక్కడున్న తెలుగు కుటుంబాల్లోనూ అది పిల్లల్ని బడికి తయారుచేసి దింపే వేళ. కాబట్టి నిర్ణయానికి ముందు మేనేజర్ రెండు వైపులా అడగాలి. ఈ ఉదాహరణలో స్టాండప్ పదిహేను నిమిషాలే కాబట్టి ఇంటినుంచే చేరతామని డాలస్ వాళ్లు ఒప్పుకున్నారనుకుందాం. ప్లానింగ్‌కు క్లయింట్ ఒక గంట ముందుకు వస్తానన్నాడు. డెమోకు వచ్చే పెద్దలను కదిలించలేం, అది డాలస్ తొమ్మిదింటికే ఉండాలి. అక్కడ గంట జరిగేది హైదరాబాదే. ఆ గంటసేపు డెమో 9:30కి అయిపోతుంది, పదింటి క్యాబ్ అందుతుంది.

ఇప్పుడు మెయిల్ రాయడం తేలిక. సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

"నవంబర్ 1 ఆదివారం డాలస్ గడియారం గంట వెనక్కి వెళ్తుంది. నవంబర్ 2 సోమవారం నుంచి స్టాండప్ హైదరాబాద్ రాత్రి 7:00కే ఉంటుంది, డాలస్‌లో అది ఉదయం 7:30. ప్లానింగ్ హైదరాబాద్ రాత్రి 8:30కే, డాలస్‌లో ఉదయం 9:00. ఈ రెండూ ఇకపై హైదరాబాద్ గడియారం ప్రకారమే. డెమో డాలస్ ఉదయం 9:00కే ఉంటుంది, హైదరాబాద్‌లో 7:30 బదులు 8:30. పాత ఇన్వైట్లు అక్టోబర్ 30తో ఆగిపోతాయి, కొత్తవి ఈరోజే పంపుతున్నాను. ఎవరికైనా ఇబ్బంది ఉంటే ఈ శుక్రవారంలోగా చెప్పండి."

తేదీ, వారం, రెండు ఊళ్ల సమయాలూ పక్కపక్కన ఉన్నాయి. ఏది ఏ గడియారం ప్రకారమో కూడా ఉంది. "సీఎస్‌టీ" అన్న మాట ఎక్కడా లేదు. డాలస్‌లో ఏడాది పొడుగునా సీఎస్‌టీ అనే రాసేస్తుంటారు గానీ, వేసవిలో అక్కడ నడిచేది సీడీటీ. జులైలో "8:30 సీఎస్‌టీ" అన్నది చూసి అక్షరాలా లెక్కగట్టినవాడికి రాత్రి ఎనిమిది వస్తుంది, అసలు కాల్ ఏడింటికి. పైగా చైనా సమయాన్ని కూడా సీఎస్‌టీ అంటారు. ఊరి పేరు రాస్తే ఈ బాధ లేదు.

పై మెయిల్‌లో ఒక లోపం మిగిలే ఉంది. లండన్ గడియారం అమెరికా కంటే వారం ముందే, అక్టోబర్ 25న వెనక్కి వెళ్తుంది. అక్టోబర్ 29 గురువారం డెమో డాలస్‌లో ఎప్పటిలా తొమ్మిదింటికే, మనకూ 7:30కే. లండన్ వ్యక్తికి మాత్రం ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికి ఉండేది ఆ ఒక్క వారం రెండింటికి వస్తుంది. మరుసటి గురువారం మళ్లీ మూడింటికే. ఆయనకు విడిగా ఒక వాక్యం రాయకపోతే ఆ రోజు ఆయన గంట ఆలస్యంగా వస్తారు. మార్చిలో ఈ ఎడం ఇంకా పెద్దది, రెండు మూడు వారాలు ఉంటుంది.

మెయిల్ ఎంత బాగా రాసినా సాయంత్రం మోగేది క్యాలెండర్. ప్రతి ఇన్వైట్ లోపల ఒక టైం జోన్ దాగి ఉంటుంది, సాధారణంగా పంపినవాడిది. మేనేజర్ డాలస్‌లో చేసిన స్టాండప్ ఇన్వైట్ America/Chicago జోన్‌కు కట్టి ఉంటుంది (డాలస్‌కు వర్తించే పేరు అదే). మెయిల్‌లో "ఏడింటికే" అని రాసి దాన్ని అలాగే వదిలేస్తే, నవంబర్ 2న మన ఫోన్లు ఎనిమిదింటికి మోగుతాయి. మెయిల్‌ను నమ్మినవాళ్లు ఏడింటికి, ఫోన్‌ను నమ్మినవాళ్లు ఎనిమిదింటికి చేరేది ఇందుకే. కాబట్టి కొత్త ఇన్వైట్‌ను Asia/Kolkata జోన్‌లో చేయాలి. అలా చేస్తే మార్చిలో డాలస్ వాళ్లకు అది దానంతటదే 8:30కి మారుతుంది, మళ్లీ ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. పాత వరుసనే దిద్దడం మంచిది కాదు. జరిగిపోయిన మీటింగుల వివరాలు, ఏదో ఒక రోజుకు విడిగా చేసిన మార్పులు చెరిగిపోవచ్చు.

మీకు ఇలాంటి మెయిల్ వచ్చినప్పుడు ముందు మీ క్యాలెండర్‌లో నవంబర్ 2 తెరిచి చూడండి. అక్కడున్న సమయం, మెయిల్‌లో హైదరాబాద్ పక్కన రాసిన సమయం ఒకటి కాకపోతే అదే రోజు మేనేజర్‌కు రాయండి.