“మంచి గ్రైండర్ చెప్పండి” అంటే సరిపోదు

చిన్న కేఫ్ నడిపేవాళ్లు కాఫీ యంత్రాల సరఫరాదారుకు రాసే మెయిల్ చాలాసార్లు ఒకే మాటతో అయిపోతుంది: “కమర్షియల్ గ్రైండర్లలో నమ్మకమైన బ్రాండ్లు ఏవో చెప్పండి.” దానికి జవాబుగా ఒక క్యాటలాగు, ధరల పట్టీ వస్తాయి. తప్పు సరఫరాదారుది కాదు. రోజుకు ముప్పై కప్పులు అమ్మే కేఫ్‌కు నమ్మకమైన మర, మూడు వందల కప్పులు అమ్మే చోట ఏడాది తిరక్కుండానే అలసిపోతుంది. ఎంత పని, ఏ గింజలు, ఏ ఊరు అన్నవి తెలియకుండా బ్రాండ్ పేరు చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఈ మర మీద ఇంత ఆలోచన ఎందుకంటే, ఎస్ప్రెసో రుచి సగం ఇక్కడే తేలిపోతుంది. సాధారణంగా 18 గ్రాముల పొడి వేసి, 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగేలా చూసుకుంటారు. పొడి కాస్త బరకైతే నీళ్లు పదిహేను సెకన్లకే జారిపోయి కాఫీ పుల్లగా, పలచగా వస్తుంది. మరీ మెత్తనైతే చుక్కచుక్కగా దిగి చేదెక్కుతుంది. పొడిలో బరక, మెత్తన రెండూ ఎక్కువగా కలిసిపోతే ఒకే కప్పులో పులుపూ చేదూ కలిసి వస్తాయి. గ్రైండర్ లోపల గింజను పొడి చేసేవి రెండు పళ్ల చక్రాలు. వీటిని బర్‌లు అంటారు. తిరగలి రాళ్లలాగే ఒకటి కదలదు, ఇంకొకటి తిరుగుతుంది, మధ్య సందును బట్టి పొడి మెత్తదనం ఉంటుంది. ఆ సందు రోజంతా కదలకుండా నిలవడమే కమర్షియల్ మర నుంచి మనం కోరుకునే మొదటి గుణం.

ఇప్పుడు విజయవాడలో ఒక కేఫ్ యజమానురాలు రాయదగిన మెయిల్ ఎలా ఉంటుందో చూద్దాం.

“నమస్కారమండీ. మాది 24 సీట్ల కేఫ్. కాపుచినో, లాటే, అమెరికానో కలిపి రోజుకు వంద కప్పుల దాకా పోతాయి. సాయంత్రం 5 నుంచి 7 మధ్య గంటకు 30 కప్పులు. షాట్‌కు 18 గ్రాములు వేస్తాం. గింజలు అరకు అరబికా, మీడియం రోస్ట్. ఫిల్టర్ కాఫీకి చికోరీ కలిపిన పొడి విడిగా కొంటాం కాబట్టి ఈ మర ఎస్ప్రెసోకు మాత్రమే. కౌంటర్ నుంచి పై అరకు 55 సెంటీమీటర్ల ఎత్తుంది. బడ్జెట్ రెండు లక్షల లోపు. ఈ పనికి సరిపోయే రెండు మూడు మోడళ్లు చెప్పగలరా? ఒక్కోదానికి కొత్త బర్‌ల ధర ఎంత, అవి మీ దగ్గర స్టాకులో ఉంటాయా, మర ఆగిపోతే మెకానిక్ విజయవాడకు ఎన్ని రోజుల్లో వస్తారు, ఇక్కడికి దగ్గరలో ఏడాదికి పైగా ఇదే మోడల్ వాడుతున్న కేఫ్ ఉందా అన్నవి కూడా రాయండి.”

ఈ మెయిల్ చదివిన సరఫరాదారుకు సగం పని అయిపోయినట్టే. గంటకు 30 కప్పులంటే రెండు నిమిషాలకు ఒకటి. కానీ జనం అలా వరసగా రారు. ఒకే బల్ల నుంచి నాలుగు కప్పుల ఆర్డర్ వస్తుంది. ఒక డోసు పొడి చేయడానికి 20 సెకన్లు పట్టే చిన్న మరతో ఆ నాలుగింటికి గ్రైండింగ్‌కే 80 సెకన్లు పోతాయి. పైగా ఆగకుండా తిరిగితే మోటారు, బర్‌లు వేడెక్కుతాయి. దాంతో సాయంత్రం రద్దీలో షాట్ దిగే వేగం మారిపోతుంది. ఇళ్లకోసం చేసిన గ్రైండర్లు కేఫ్‌లో నిలవకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఇంత పనికి 64, 65 మిల్లీమీటర్ల బర్‌లున్న వరస సరిపోతుంది. ఇటలీ మజ్జర్ సూపర్ జాలీ, ఫియోరెంజాటో ఎఫ్64, జర్మనీ మాల్‌కోనిగ్ ఈ65ఎస్ ఈ వరసలోవే. కప్పులు దీనికి రెండు మూడింతలుంటే 80 మిల్లీమీటర్ల పైచిలుకు బర్‌లున్న మజ్జర్ మేజర్, ఫియోరెంజాటో ఎఫ్83 లాంటివి చూడాలి. మాల్‌కోనిగ్ ఈకే43కి చాలా పేరుంది. కానీ 98 మిల్లీమీటర్ల బర్‌లున్న ఆ పెద్ద మర ఫిల్టర్ పద్ధతులకు, పొడి కట్టి అమ్మే చోటికి ఎక్కువ పనికొస్తుంది. వరసగా ఎస్ప్రెసోలు తీసే కౌంటర్‌కు అదొక్కటే ఉంటే డోసు డోసుకూ గింజలు తూచి వేసుకోవాల్సి వస్తుంది.

55 సెంటీమీటర్ల ఎత్తు మాట చిన్నదిగా కనిపించినా, గింజలు పోసే హాపర్‌తో కలిపి కొన్ని మరలు ఆ అర కింద పట్టవు. పొట్టి హాపర్ దొరుకుతుందో లేదో సరఫరాదారు ముందే చెప్పగలరు. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుంచి తెప్పించిన సెకండ్ హ్యాండ్ మర 110 వోల్టులదైతే నేరుగా ప్లగ్ చేయకూడదు. బేరంలో మిగిలింది అక్కడే పోతుంది.

మెయిల్‌లో అన్నిటికన్నా విలువైనది బర్‌ల ధర అడిగిన మాట. బర్‌లు అరుగుతాయి. మన కేఫ్ రోజుకు 1.8 కిలోల గింజలు వాడుతుంది. పొద్దున సెట్టింగ్ సరిచేసుకునేటప్పుడు పోయే పొడితో కలిపి రెండు కిలోలు అనుకుందాం. అంటే నెలకు 60 కిలోలు. బర్‌ల ఆయుష్షు మోడల్‌ను బట్టి మారుతుంది. 400 కిలోలని పెట్టుకుంటే ఏడో నెల దాటకముందే కొత్త జత కావాలి. అది వారంటీ కిందకు రాదు, ఏటా దాదాపు రెండుసార్లు వచ్చే ఖర్చు.

అరిగాయని ఎలా తెలుస్తుంది? అదే డోసుకు మర మునుపటికన్నా ఎక్కువసేపు తిరుగుతుంది. పొడి వెచ్చగా, ఉండలుగా పడుతుంది. షాట్ సమయం నిలపడానికి సెట్టింగ్‌ను వారం వారం ఇంకా మెత్తనకు తిప్పాల్సి వస్తుంది. వానాకాలపు తేమకు కూడా సెట్టింగ్ మారుతుంది గానీ, వాతావరణం పొడిబారగానే అది మళ్లీ వెనక్కి వస్తుంది. అరుగుదల ఒకే దిక్కుకు పోతుంది, వెనక్కి రాదు.

కొనేముందు ఒక పరీక్ష అడగడం న్యాయమే. మీ గింజలే తీసుకెళ్లి, 18 గ్రాములకు సెట్ చేయించి, వరసగా పది డోసులు తీసి ఒక్కోటీ తూచండి. అర గ్రాముకు మించి తేడా వస్తుంటే రద్దీ వేళ ఆ మరతో తంటాలు తప్పవు. తర్వాత సెట్టింగ్ కొంచెం మార్చి, ఎన్ని గ్రాముల పాత పొడి పోయాక కొత్త పొడి వస్తుందో చూడండి. అదంతా రోజూ చెత్తబుట్టలో పడే కాఫీ.

ఇక జవాబులు రెండు వచ్చాయనుకుందాం. ఒకరు పేరున్న బ్రాండే చెప్పారు కానీ బర్‌లు విదేశం నుంచి రావాలి, పది రోజులు పడుతుందన్నారు. రెండోవారు అంత పేరులేని బ్రాండ్ చెప్పారు, బర్‌లు హైదరాబాద్‌లో ఉన్నాయి, రెండు రోజుల్లో మెకానిక్ వస్తారని రాసిచ్చారు. కప్పు 150 రూపాయలైతే మర ఆగిన ప్రతి రోజూ 15,000 రూపాయల అమ్మకం ఆగుతుంది. పది రోజులకు అది లక్షన్నర, రెండు రోజులకు ముప్పై వేలు. పది డోసుల పరీక్షలో రెండు మరలూ నిలబడితే, ఈ కేఫ్ రెండో మరనే కొనాలి.