24 గంటలు ఎక్కడ తగ్గించాలి?

బ్రిటన్‌లో రెస్టారెంట్లు నడిపేవాళ్లు వారం వారం తయారుచేసే పట్టిక ఒకటుంది. ఎవరు ఏ రోజు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి వెళ్లాలో అందులో ఉంటుంది. దాన్ని అక్కడ రోటా అంటారు. చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసే తెలుగు విద్యార్థులకు ఇది బాగా పరిచయం. లాభమో నష్టమో చాలావరకు తేలేది ఆ పట్టికలోనే.

సిబ్బంది ఖర్చును అమ్మకాలతో భాగించి 100తో గుణిస్తే శాతం వస్తుంది. చిక్కంతా ఏ అంకెలు వేస్తున్నామన్న దగ్గరే. లండన్‌లో ఓ చిన్న బిర్యానీ రెస్టారెంట్ ఉందనుకుందాం. వారంలో కౌంటర్‌కు 12,000 పౌండ్లు వచ్చాయి. అందులో 20 శాతం చొప్పున వేసిన వ్యాట్ ప్రభుత్వానిది, కాబట్టి అసలు అమ్మకం 10,000. ఇక 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లయింది. సెలవుల జీతం, యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్, పింఛను వాటా కలిపి గంటకు 14.50 పడుతోందనుకుంటే, 230 గంటల రోటాకు 3,335 పౌండ్లు. అంటే 33 శాతం పైచిలుకు. వ్యాట్ తీసేయకుండా, ఉత్త కనీస వేతనంతో లెక్కేస్తే మాత్రం 23 శాతమే కనిపిస్తుంది. యజమాని హాయిగా నిద్రపోతాడు, ఏడాది చివర అకౌంటెంట్ లేపేదాకా!

లక్ష్యం 30 శాతమైతే 3,000 పౌండ్లు దాటకూడదు. ఎక్కువైన 335ని 14.50తో భాగిస్తే 23 గంటల పైన. 24 తగ్గించాలి.

అందరికీ తలా రెండు గంటలు కోసేయడం తేలికే కానీ, అలా చేస్తే శనివారం రాత్రి కూడా మనిషి తగ్గుతాడు. టేబుళ్లు ఆలస్యమవుతాయి, ఆర్డర్లు పోతాయి. అమ్మకం పడిపోతే శాతం మళ్లీ పైకే. అందుకే ముందు బిల్లింగ్ మెషిన్‌లో గంటగంటకూ ఎంత అమ్ముడైందో చూడాలి. ఈ రెస్టారెంట్‌లో సోమవారం నుంచి గురువారం దాకా 12 గంటలకు తలుపు తీస్తే, తొమ్మిదికే ఐదుగురు వస్తున్నారు. కూరలు, మసాలాలు సిద్ధం చేయడానికి ఇద్దరు చాలు. మిగతా ముగ్గురు పదింటికి వస్తే నాలుగు రోజులకు 12 గంటలు మిగిలాయి. ఆ నాలుగు రోజులే మూడు నుంచి అయిదింటి వరకు ఖాళీ, ఒక మనిషిని తగ్గిస్తే మరో 8. రాత్రి ఒకరిని గంట ముందు పంపితే ఇంకో 4. వారాంతం జోలికి పోకుండానే 24 పూర్తయ్యాయి.

ఆ పని యజమానే చేస్తూ తన గంటలు రాయకపోతే మాత్రం అది పొదుపు కాదు, కాగితంలో కనిపించని ఖర్చు. ఎవరైనా రాకపోతే విద్యార్థులతో సర్దుకుందామన్నా కుదరకపోవచ్చు: స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చదివేవాళ్లు సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పనిచేయకూడదు. పైగా రోటా రాసేది అంచనా అమ్మకం మీద. 10,000 వస్తుందనుకున్న వారం 9,000తో ఆగితే, 206 గంటలకు కుదించిన రోటా కూడా 33 శాతానికే చేరుతుంది. అనుభవమున్న మేనేజర్లు బుధవారం రాత్రే అప్పటిదాకా అయిన అమ్మకం చూసుకుని, శుక్రవారం షిఫ్టుల గురించి సిబ్బందితో ముందే మాట్లాడుకుంటారు.