షీటు నుంచి ట్రాకర్‌కు: గడువు తేదీలు తారుమారు కాకుండా

ఎక్సెల్ షీటులో నడిచే పనుల జాబితాను జిరా లాంటి ట్రాకర్‌లోకి మార్చడానికి మామూలు దారి, షీటును సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేసి అక్కడికి ఎక్కించడం. అయితే సీఎస్‌వీ మోసుకెళ్లేది గడుల్లో కనిపించే అక్షరాలనే. ఆలస్యమైన పనికి వేసిన ఎరుపు రంగు, గడి మూలన పెట్టిన కామెంటు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న వివరం వెనకే ఉండిపోతాయి.

అన్నిటికన్నా ప్రమాదం తేదీలతో. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే, ఆగస్టు 5 అనుకుని 05/08/2025 కొట్టగానే ఎక్సెల్ దాన్ని మే 8గా దాచుకుంటుంది. 15/08/2025 కొడితే పదిహేనో నెల లేదు కనుక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. కాలమ్ చూస్తే తెలిసిపోతుంది: కొన్ని తేదీలు గడిలో ఎడమకు, కొన్ని కుడికి అంటుకుని ఉంటాయి. విచిత్రం ఏమిటంటే, చెడిపోయినట్టు కనిపించే ఎడమవైపువే సరైనవి. కాలమ్ అంతా ఇలా ఒకే కంప్యూటర్లో నింపినదైతే, పక్క కాలమ్‌లో ఈ ఫార్ములా రెంటినీ సరిచేస్తుంది:

```
=IF(ISNUMBER(C2),DATE(YEAR(C2),DAY(C2),MONTH(C2)),DATE(RIGHT(C2,4),MID(C2,4,2),LEFT(C2,2)))
```

రకరకాల కంప్యూటర్లలో నింపిన షీటైతే దీన్ని నమ్మకండి. రోజు 12 లోపు ఉన్న ప్రతి గడువునూ ఆ పని చేసేవాళ్లనే అడగాలి.

ఇంకో గోతి జిరాలో ఉంది. దిగుమతి చేసేటప్పుడు తేదీ ఏ రూపంలో ఉందో అడుగుతుంది. ఫైలులో తేదీలు రోజు ముందు, నెల తర్వాత ఉండేలా చూసుకుని అక్కడ `dd/MM/yyyy` అని ఇవ్వాలి. ఎక్సెల్ అలవాటుకొద్దీ చిన్న `mm` కొడితే జిరా దాన్ని నిమిషాలుగా తీసుకుంటుంది, నెల దొరక్క గడువులన్నీ జనవరిలో పడతాయి.

పేర్ల సంగతి కొంత తేలిక. షీటులో రమేష్, రమేష్ గారు, ఆర్. రమేష్ అని మూడు రకాలుగా ఉన్నది ఒక్క మనిషే అయినా ట్రాకర్‌కు ఆ సంగతి తెలియదు. ఒక్కో మనిషికి ఒక్క ఈమెయిల్ రాసిన చిన్న పట్టిక చేసి, పేర్ల బదులు అవే పెట్టాలి. ఉద్యోగం మానేసినవాళ్ల పేరును పని వివరణలో ఉంచితే ఎవరు మొదలుపెట్టారన్నది పోదు.

చరిత్రను పూర్తిగా తీసుకెళ్లలేం. షీటులో “12/6 వెండర్‌తో మాట్లాడాం” లాంటి వ్యాఖ్యలుంటే వాటిని మాత్రం కాపాడవచ్చు. జిరా నిర్వాహకుల దిగుమతిలో ఒక్కో వ్యాఖ్యకు `Comment` అనే కాలమ్ పెట్టి తేదీ, రాసినవారి ఐడీ, మాట వరసగా సెమీకోలన్లతో రాస్తే, ఆ తేదీతో, ఆ మనిషి పేరుతోనే చేరుతుంది. పని మొదలైన తేదీని కూడా ఇవ్వాలి, లేకపోతే రెండేళ్ల నాటి పని కూడా ఈరోజే పుట్టినట్టు కనిపిస్తుంది.

ముందు పది వరుసలే ఎక్కించి చూడండి. రోజు 12 దాటినవి, దాటనివి, మానేసినవాళ్లవి, తెలుగులో రాసినవి అందులో ఉండాలి. తెలుగు ప్రశ్నార్థకాలుగా మారితే అసలు షీటును `CSV UTF-8`గా మళ్లీ సేవ్ చేయాలి. అన్నీ ఎక్కాక మొత్తం లెక్క సరిపోతే చాలదు. ఎవరి చేతిలో ఎన్ని పనులు, ఏ నెలలో ఎన్ని గడువులు అన్నది షీటులోనూ ట్రాకర్‌లోనూ లెక్కపెట్టి పోల్చాలి. జనవరి ఉబ్బిపోయి ఉంటే ఎక్కడ వెతకాలో తెలుసు కదా.