‘చూస్తాం’ అంటే చిక్కే

మంగళగిరి చీరలను వాట్సాప్‌లో అమ్మే ఓ చిన్న దుకాణం ఉందనుకుందాం. చీర అందిన 7 రోజుల్లోపు, ఫాల్ కుట్టించకుండా ఉంటేనే వాపసు అని దాని బిల్లు మీద ఉంటుంది. 19వ రోజున ఒకావిడ మెసేజ్ పెట్టింది. చెల్లెలి నిశ్చితార్థానికని కొన్న చీర అది. ఆ నిశ్చితార్థమే ఆగిపోయింది. ఫాల్, పికో అయిపోయాయి. 3,200 రూపాయలు తిరిగిమ్మంటోంది.

దుకాణంలో అమ్మాయి మనసు కరిగి, “అయ్యో, అలాగా అండీ. మేడంగారితో మాట్లాడి చూస్తాం” అంది.

చిక్కు ఇక్కడే మొదలైంది. కాదనడానికి నోరు రాక మనం వాడే మాట ‘చూస్తాం’. వినేవాళ్లకు అది సగం ఒప్పుకున్నట్టే. నాలుగు రోజులు ఎదురుచూపులు పెట్టి అప్పుడు కాదంటే, నిరాశకు మోసపోయామన్న కోపం తోడవుతుంది. అలాగని “మా రూల్ ఒప్పుకోదండి” అని ముక్కుసూటిగా తేల్చేయడమూ మంచిది కాదు. ఆమె చెప్పుకున్న కష్టం ఎవరి చెవినా పడనట్టే ఉంటుంది.

అనుభవమున్న యజమానురాలు ఇలా రాస్తుంది: “నిశ్చితార్థం ఆగిపోయిందని చదివి బాధనిపించిందండీ. ఈ చీరకు డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేం. ఫాల్ కుట్టిన చీరను కొత్తదిగా ఇంకొకరికి అమ్మలేం కదా. జాకెట్టు ముక్క కత్తిరించకపోతే, ఆ చీర ఎవరు కట్టుకున్నా వాళ్ల కొలతకు జాకెట్టు కుట్టించి పంపుతాం, కూలి మాదే.”

సానుభూతి ఆమె కష్టానికి దక్కింది, నిర్ణయానికి క్షమాపణ లేదు. కాదన్న మాట రెండో వాక్యంలోనే వచ్చేసింది. కారణం చీరదే, ‘మీరు ఆలస్యం చేశారు’ అనే నింద ఎక్కడా లేదు. చివర్లో చేయగలిగిన పని ఒకటుంది, అదీ నిజంగా చేసేదే.

ఆమె మళ్లీ అడగవచ్చు, “ఒక్కసారికి సర్దుకోండి” అనవచ్చు. అప్పుడు కొత్త కారణాలు వెతకకూడదు. ప్రతి కొత్త కారణమూ కొత్త బేరానికి దారి. అదే కారణాన్ని ఇంకా క్లుప్తంగా చెప్పి, జాకెట్టు సంగతి అడిగితే చాలు.

అయితే ఈ నేర్పంతా సరుకు బాగున్నప్పుడే. అందుకే కాదనే ముందు “చీరలో లోపమేమైనా ఉందా అండీ?” అని అడగాలి. రంగు దిగడం, నేత చిరగడం లాంటివి ఉంటే లెక్క వేరు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు వెనక్కి తీసుకోకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. బిల్లులో గడువే లేకపోతే 30 రోజులు. అలాంటప్పుడు ఎంత తీయగా కాదన్నా చెల్లదు. కొన్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.