రసీదులో రాసిన దుడ్డు చేతికెందుకు రాలేదు?

పావగడ తాలూకాలో మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు. బ్యాంకు ఇచ్చే ఎఫ్‌డీ రసీదు మాత్రం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటుంది. అందుకే చాలామంది మెచ్యూరిటీ మొత్తం ఒక్కటి చూసుకుని రసీదును బీరువాలో పెట్టేస్తారు. తీరా గడువు నాటికి తక్కువ వస్తే, "రాసిచ్చినారు గదా, మిగతా దుడ్డు యాడికి పోయె?" అని కౌంటర్ దగ్గర అడుగుతారు.

ఒక లెక్క చూద్దాం. 58 ఏళ్లకు మిల్లులో రిటైరైన ఒకాయన, పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 8 లక్షలు ఏప్రిల్ మొదట్లో మూడేళ్లకు 7 శాతం వడ్డీకి వేసినాడనుకోండి. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది కాబట్టి రసీదులో 9,85,151 రూపాయలని ఉంటుంది. మధ్యలో పన్ను కోత లేకుండా, గడువు దాకా ముట్టుకోకుండా ఉంటేనే ఆ మొత్తం.

మొదటి ఏడాది వడ్డీ సుమారు 57,487. అది చేతికి రాకపోయినా, ఆ ఏడాది వచ్చినట్టే బ్యాంకు లెక్క రాస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అంటే 5,749 పోతుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. 60 నిండినవాళ్లకు హద్దు లక్ష, కానీ ఈయన రిటైరైంది 58కే గదా! పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లు ఏటా ఏప్రిల్‌లోనే బ్యాంకుకు డిక్లరేషన్ ఇయ్యాల. ఇన్నాళ్లూ 15జి ఫారం అంటున్నది అదే. ఒకసారి ఇస్తే ఆ ఒక్క ఏడాదికే. అప్పటికే కోసేసి ఉంటే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇక ఏడాదికే పిల్ల పెళ్లని ఎఫ్‌డీ తీసేస్తే? పెనాల్టీ 1 శాతమంటే 8 లక్షల్లో 8,000 అనుకుంటారు. లెక్క అది కాదు. డిపాజిట్ వేసిన రోజున ఏడాది కాలానికి ఉన్న రేటు చూస్తారు. అది 6.5 అనుకుందాం. అందులో 1 తీసేసి 5.5 శాతమే ఇస్తారు. అప్పుడు వచ్చే వడ్డీ 44,916. అంటే 12,571 రూపాయలు తగ్గింది. అసలు మాత్రం భద్రమే.

అదే 8 లక్షలు నాలుగు రసీదులుగా వేసి ఉంటే, 2 లక్షలు కావాల్సినప్పుడు ఒక్కటే తీస్తాం. నష్టం 3,143తో ఆగుతుంది, మిగతా మూడూ 7 శాతంతోనే నడుస్తాయి. టీడీఎస్‌కు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. ఆ బ్యాంకులోని రసీదులన్నిటి వడ్డీ కలిపే చూస్తారు.

పెనాల్టీ ఎంతో బ్యాంకును బట్టి మారుతుంది. దుడ్డు కట్టక ముందే, "మధ్యలో తీస్తే ఏ రేటు ఇస్తారు, అందులో ఎంత కోస్తారు?" అని అడిగి, జవాబును రసీదు వెనక రాసుకోండి.