డిజైన్ పక్కకు జరిగింది, తప్పు ఏ మోటారుది? స్టెప్పర్, బీఎల్‌డీసీ మోటార్లు ఎలా పనిచేస్తాయంటే..

మా పేటలో ఒక భాయ్ చిన్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు నడుపుతారు. మొన్న ఒక పెళ్లి ఇంటివాళ్లు ఖడా దుపట్టా కుట్టడానికి ఇచ్చారు. సగం పువ్వులు చక్కగా వచ్చాయి. తర్వాత నుంచి ఆకు లోపలి నింపుడు ఒకచోట, దాని అంచు గీత ఇంకోచోట పడింది. తేడా మిల్లీమీటరు కూడా లేదు. అయినా జరీ పని మీద ఆ తేడా దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మిషన్ మాత్రం ఆగలేదు, ఎర్రర్ కూడా చూపలేదు. ఏమీ జరగనట్టే చివరిదాకా కుట్టేసింది.

షాపులో కుర్రాడు డిజైన్ ఫైల్‌ని అనుమానించాడు. భాయ్ సూది తిప్పే మోటారు పాడైందన్నారు. అసలు కారణం వేరే ఉంది. అది తెలియాలంటే ఆ మిషన్‌లో ఉన్న రెండు రకాల మోటార్లు ఎలా తిరుగుతాయో చూడాలి. ఇలాంటి చాలా మిషన్లలో సూదిని పైకీ కిందకీ ఆడించేది బ్రష్‌లెస్ డీసీ మోటారు, అంటే బీఎల్‌డీసీ. బట్ట బిగించిన ఫ్రేమును అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ జరిపేవి రెండు స్టెప్పర్ మోటార్లు.

స్టెప్పర్: లెక్కపెట్టి అడుగులు వేసే మోటారు

మామూలు మోటారుకు కరెంటు ఇస్తే ఆపేవరకు తిరుగుతూనే ఉంటుంది. స్టెప్పర్ అలా కాదు. ఒక పల్స్ ఇస్తే ఒక్క అడుగు కదిలి అక్కడే బిగుసుకుని నిలబడుతుంది. ఇంకో పల్స్ ఇస్తే ఇంకో అడుగు.

లోపల ఇరుసు మీద ఒక అయస్కాంతం ఉంటుంది. దానికి రెండు వైపులా పళ్లున్న ఇనుప టోపీలు, ఒక్కోదానికి 50 పళ్లు. చుట్టూ ఉన్న బాడీలో రెండు జతల కాయిల్స్. వాటిని ఎ, బి అనుకుందాం. మొదట ఎ కాయిల్‌లో కరెంటు పంపితే దగ్గర్లోని పళ్లను అది తన ఎదురుగా లాక్కుంటుంది. తర్వాత బి కాయిల్‌కు ఇస్తే ఇరుసు పావు పన్ను దూరం కదులుతుంది. ఆ తర్వాత ఎ లో కరెంటు తిరగేసి, చివరికి బి లో తిరగేసి పంపుతారు. ఈ నాలుగు అడుగులు పూర్తయితే ఇరుసు సరిగ్గా ఒక పన్ను దూరం జరిగినట్టు. 50 పళ్లు, పన్నుకు నాలుగు అడుగులు అంటే ఒక చుట్టుకు 200 అడుగులు. ఒక్కో అడుగు 1.8 డిగ్రీలు.

ఇప్పుడు ఫ్రేము సంగతి చూద్దాం. మోటారు ఒక చుట్టు తిరిగితే బెల్టు 40 మిల్లీమీటర్లు జరుగుతుందనుకోండి. అప్పుడు ఒక్కో అడుగుకు 0.2 మిల్లీమీటర్లు. ఒక కుట్టు 3 మిల్లీమీటర్లు ఉండాలంటే కంట్రోలర్ 15 పల్స్‌లు పంపితే సరిపోతుంది. ఇంకా సన్నగా కదలాలంటే డ్రైవరు రెండు కాయిల్స్‌కూ పాళ్లు మార్చి కరెంటు ఇచ్చి ఒక అడుగును ముక్కలుగా చేస్తుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. కంట్రోలర్ 15 పల్స్‌లు పంపింది కాబట్టి ఫ్రేము 3 మిల్లీమీటర్లు జరిగిందని నమ్మేస్తుంది. నిజంగా జరిగిందా అని తిరిగి చూసే కన్ను మామూలు స్టెప్పర్‌కు ఉండదు. అందుకే చవక, అందుకే వైరింగ్ కూడా సులువు. నాలుగు వైర్లు ఉంటే చాలు.

బీఎల్‌డీసీ: చూసి తోసే మోటారు

ఇంట్లో కుట్టుమిషన్‌కు పక్కన బిగించే పాత మోటారు విప్పి చూసినవాళ్లకు కార్బన్ బ్రష్‌లు తెలుసు. తిరిగే కాయిల్స్‌కు కరెంటు అందించేవి, సరైన సమయంలో దాని దిశ మార్చేవి అవే. రాసుకుని రాసుకుని అరిగిపోతాయి, నిప్పురవ్వలు రాలుస్తాయి.

బీఎల్‌డీసీలో ఈ అమరిక తలకిందులు. తిరిగే భాగంలో అయస్కాంతాలు, కదలని భాగంలో మూడు వరసల కాయిల్స్ ఉంటాయి. తిరిగేదానికి కరెంటు ఇవ్వక్కర్లేదు కాబట్టి బ్రష్‌ల అవసరమే లేదు. కానీ ఏ కాయిల్‌కు ఎప్పుడు కరెంటు ఇవ్వాలన్న పని ఎవరో ఒకరు చేయాలిగా? అది ఎలక్ట్రానిక్ కంట్రోలర్ చేస్తుంది. పేరులో డీసీ ఉన్నా కాయిల్స్‌లోకి వెళ్లే కరెంటు దిశ మారుతూనే ఉంటుంది. డీసీ అందేది కంట్రోలర్‌కు మాత్రమే.

ఆ కంట్రోలర్‌కు కళ్లు హాల్ సెన్సార్లు. మోటారు లోపల మూడు ఉంటాయి. అయస్కాంతం ఏ ధ్రువం తమ ముందుకు వచ్చిందో చూసి ఒక్కోటీ అవును, కాదు అని చెబుతుంది. మూడింటి జవాబులు కలిపితే ఆరు స్థానాలు తేలతాయి. రోటర్ ఏ స్థానంలో ఉందో తెలిసింది కాబట్టి, కంట్రోలర్ దానికి కాస్త ముందున్న కాయిల్స్‌ను వెలిగిస్తుంది. రోటర్ అటు లాగబడుతుంది. అక్కడికి చేరేలోపే కరెంటు తర్వాతి కాయిల్స్‌కు మారుతుంది. ఉయ్యాలలో పిల్లాణ్ణి ఊపేటప్పుడు ఉయ్యాల ఎక్కడుందో చూసి తోస్తాం కదా, అదే పద్ధతి.

స్టెప్పర్‌లో అడుగు ఎప్పుడు వేయాలో కంట్రోలర్ గడియారం చెబుతుంది. బీఎల్‌డీసీలో రోటర్ స్థానమే చెబుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి.

సూది ఒక్కసారిగా దళసరి బట్టలోకి దిగిందనుకోండి. బీఎల్‌డీసీ వేగం కొంచెం తగ్గుతుంది. తిరిగే అయస్కాంతాల వల్ల కాయిల్స్‌లో పుట్టే ఎదురు ఓల్టేజీ కూడా తగ్గుతుంది. దాంతో కరెంటు పెరిగి బలం పెరుగుతుంది. వేగం తగ్గిన సంగతి కంట్రోలర్‌కు కూడా తెలుస్తుంది, అది ఇంకాస్త ఓల్టేజీ పెంచుతుంది. బరువు తగ్గితే కరెంటూ తగ్గుతుంది. అందుకే అది అవసరమైనంతే తింటుంది. స్టెప్పర్ మాత్రం కదలకుండా నిలబడినా పట్టు వదలకుండా ఉండడానికి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. ఖాళీగా ఉన్నా చేయి పెడితే వేడిగా తగలడం దాని సహజ గుణం, అది రోగం కాదు.

మరి దుపట్టా ఎందుకు పాడైంది?

మిషన్ నిమిషానికి 800 కుట్లు వేస్తోంది. అంటే ఒక్కో కుట్టుకు 75 మిల్లీసెకన్లు. సూది బట్టలో ఉన్నప్పుడు ఫ్రేము కదలకూడదు, కాబట్టి కదలడానికి దొరికేది సుమారు సగం సమయమే. ఆ కాస్త వ్యవధిలో స్టెప్పర్ 15 అడుగులు వేయాలంటే సెకనుకు దాదాపు 400 అడుగుల వేగం కావాలి. పొడవు కుట్టయితే ఇంకా ఎక్కువ.

స్టెప్పర్‌కు వేగం పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది. కాయిల్‌లో కరెంటు నిండడానికి కొంత సమయం పడుతుంది. అది పూర్తిగా నిండకముందే తర్వాతి అడుగు వచ్చేస్తే లాగే శక్తి చాలదు. ఖడా దుపట్టా పొడవైన బట్ట, జరీతో బరువెక్కింది. మిగతా భాగం టేబుల్ అంచు నుంచి కిందికి వేలాడుతూ ఫ్రేమును వెనక్కి లాగింది. ఒక క్షణంలో స్టెప్పర్ ఓడిపోయింది, ఇరుసు వెనక్కి జారింది.

జారితే ఎంత జారుతుంది? కాయిల్స్‌కు ఒక పన్నుకూ పక్క పన్నుకూ తేడా తెలియదు. అందుకే పట్టు తప్పిన ఇరుసు పక్క పన్ను దగ్గర కుదురుకుంటుంది. ఒక పన్ను అంటే నాలుగు అడుగులు, మన లెక్కలో 0.8 మిల్లీమీటర్లు. దుపట్టా మీద కనిపించింది దాదాపు అదే. ఆ తర్వాత ప్రతి కుట్టూ కొలత ప్రకారమే పడింది, కానీ మొత్తం డిజైన్ 0.8 మిల్లీమీటర్లు పక్కకు జరిగిన చోటు నుంచి. కంట్రోలర్ లెక్క మాత్రం తప్పలేదు, అందుకే ఎర్రర్ రాలేదు.

అదే బీఎల్‌డీసీ అయితే ఇంత మౌనంగా తప్పు చేయదు. బరువు మరీ ఎక్కువైతే ఆగిపోతుంది, కంట్రోలర్ ఎర్రర్ చూపిస్తుంది. ఒక హాల్ సెన్సార్ పోతే స్టార్ట్ అవకుండా వణుకుతుంది. చేత్తో కొంచెం తిప్పితే ఒక్కోసారి అందుకుంటుంది. కొత్త రకం బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్లు చాలావాటిలో హాల్ సెన్సార్లు ఉండవు, ఆ ఎదురు ఓల్టేజీని చూసే రోటర్ స్థానం పసిగడతాయి. ఆగి ఉన్నప్పుడు ఆ ఓల్టేజీ ఉండదు కాబట్టి స్విచ్ వేయగానే కొన్ని ఫ్యాన్లు కాస్త అటూ ఇటూ ఊగి తర్వాత అందుకుంటాయి. అది పాడైన గుర్తు కాదు.

డిజైన్ జరిగితే ఏం చూడాలి?

ముందు మిషన్ ఆపి, కరెంటు తీసి, మోటారు ఇరుసు మీదా దానికి బిగించిన పుల్లీ మీదా కలిపి మార్కర్‌తో ఒకే గీత గీయండి. పనికిరాని గుడ్డ మీద అదే డిజైన్ అదే వేగంతో కుట్టించండి. డిజైన్ మళ్లీ జరిగి, గీత రెండు ముక్కలుగా విడిపోయిందంటే పుల్లీ స్క్రూ వదులైనట్టు. మోటారు బాగానే తిరిగింది, పుల్లీ జారింది. స్క్రూ బిగిస్తే సరి.

గీత కలిసే ఉండి డిజైన్ జరిగితే బెల్టు చూడండి. వదులుగా ఉండి పళ్లు దాటుతోందేమో, ఫ్రేము పట్టాల మీద దారం పోగులు, దుమ్ము పట్టి బిగుసుకుంటోందేమో చూడాలి. అవీ బాగుంటే స్టెప్పర్ అడుగులు తప్పుతోందన్నమాట. వేగం 800 నుంచి 500కు తగ్గించి మళ్లీ కుట్టండి. తప్పు పోతే కారణం బలం చాలకపోవడమే. వేలాడే బట్టను టేబుల్ మీదకు ఎత్తి పెట్టండి, బరువైన బట్టకు వేగం తగ్గించే ఉంచండి. వేగం తగ్గించినా జరుగుతుంటే స్టెప్పర్ వైర్లు, కనెక్టర్ చూడాలి. కరెంటు తీసి, మోటారు ప్లగ్ విడదీసి, మల్టీమీటర్‌తో రెండు కాయిల్స్ నిరోధం కొలిస్తే రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి చాలా తేడాగా ఉంటే మోటారు గానీ వైరు గానీ పోయినట్టు. ఒక్క జాగ్రత్త: కరెంటు ఉండగా స్టెప్పర్ ప్లగ్ ఎప్పుడూ పీకకండి, డ్రైవర్ బోర్డు కాలిపోవచ్చు.

స్టెప్పర్‌కు కూడా వెనకాల ఎన్‌కోడర్ అనే కన్ను తగిలించి అమ్మేవి ఉన్నాయి. అవి అడుగు తప్పితే పట్టుకుని సరిదిద్దుకుంటాయి, కుదరకపోతే మిషన్ ఆపుతాయి. ధర ఎక్కువ. సెకండ్ హ్యాండ్ మిషన్ కొనేవాళ్లు ఫ్రేము మోటార్లకు ఎన్‌కోడర్ ఉందో లేదో అడగడం మంచిది. లేకపోతే పూర్తి వేగంలో, బరువైన బట్ట మీద, నింపుడూ అంచూ రెండూ ఉన్న డిజైన్ ఒకటి కుట్టించి చూశాకే డబ్బు ఇవ్వండి.

మన భాయ్ షాపులో పుల్లీ గీత కలిసే ఉంది. వేగం 500కు దించి, పక్కన ఒక స్టూలు వేసి బట్టను దాని మీద పెడితే మిగతా పువ్వులు సరిగ్గా కుదిరాయి. జరిగిన ఆకుల దారం మాత్రం ఇంట్లో ఆడవాళ్లు రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది.